పెంటి మేకను ఎవరమ్ముతారు?

ఈ అధ్యాయాన్ని కథగానే చెబుతాను. కథలోని అమ్మాయి పేరు మంజుల అనుకుందాం. సొంత ఊరు నారాయణపేట దగ్గర. నాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఏటా పుణె వైపు వలస పోయే మనిషి. తల్లి కూలికి పోతూ, ఇంటి వెనక నాలుగు మేకలు సాకేది. మంజుల గురుకులంలో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంటుతో డిగ్రీ చేసి, 2016లో హైదరాబాదులో ఒక ఆఫీసులో చేరింది. ఆ ఇంట్లో, ఆ వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి ఆమే.

మూడేళ్లు గడిచాయి. 2019 జూలైలో ఆమె జీతం చేతికి 26 వేలు. అమీర్‌పేటలో హాస్టలుకు ఆరున్నర వేలు, ఇంటికి ఆరు వేలు, మిగతా ఖర్చులన్నీ కలిపి ఐదు వేలు. నెలకు ఎనిమిదిన్నర వేలు మిగులు. చేరిన రోజు నుంచి కూడబెట్టింది రెండు లక్షల ఎనభై ఆరు వేలు. అదంతా ఒకే పొదుపు ఖాతాలో ఉంది. రోజూ రాత్రి పడుకునే ముందు ఫోనులో బ్యాలెన్సు చూసుకునేది. ఆ అంకె కనబడితేనే నిద్ర పట్టేది.

అప్పటికి ఏడాదిగా ఆమె ఎడమ దవడతో నమలడం లేదు. పన్ను పుచ్చింది. మొదట్లోనే వెళ్లి ఉంటే సిమెంటు పెట్టి ఎనిమిది వందలతో పంపేవారు. లవంగం పెట్టుకుంది, నొప్పి మాత్ర వేసుకుంది, కుడివైపు నమలడం అలవాటు చేసుకుంది. చివరికి ఒక రాత్రి దవడ వాచిపోతే రూమ్మేటు శారదక్క ఆటోలో తీసుకెళ్లింది. రూట్ కెనాల్, పైన క్యాపు, అంతా కలిపి తొమ్మిది వేలు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చాక శారదక్క ఒక్కటే అడిగింది. "డబ్బుల్లేక వెళ్లలేదా?"

మంజుల ఫోను తెరిచి బ్యాలెన్సు చూపించింది. శారదక్క ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాసే మనిషి. ఖమ్మం వైపు ఊరు. ఆ అంకె చూసి కాసేపు మాట్లాడలేదట.

ఇక్కడ కథ కొంచెం ఆపుతాను. 2013లో సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, మరికొందరు కలిసి తమిళనాడు చెరకు రైతుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అదే రైతులకు ఆలోచనకు పనిపెట్టే పరీక్షలు పెట్టారు. డబ్బు లేని వారాల్లో అదే మనిషి తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తెలివి తగ్గి కాదు, తలలో సగం చోటు అప్పులు, ఖర్చులే ఆక్రమించి ఉన్నాయి గనుక. నాకు మంజుల కథలో ఆసక్తి కలిగించేది ఇంకో చిక్కు. ఆమెకు పంట చేతికొచ్చి మూడేళ్లయింది. తల మాత్రం ఇంకా కోతకు ముందే ఉంది. దీన్ని పొదుపు అని పిలిచి మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మెచ్చుకోను. ఎనిమిది వందలు మిగిల్చి తొమ్మిది వేలు పెట్టడాన్ని పొదుపు అనడం కష్టం.

పన్ను కంటే పెద్ద రంధ్రం వారం తర్వాత బయటపడింది. శారదక్క ఒక తెల్లకాగితం మీద, ఊళ్లో ఇంటి లెక్క కూడా రాయమంది. అప్పుడు తేలింది, నాయినకు 80 వేల అప్పుంది. నాలుగేళ్ల కింద బోరు వేయించాడు, నీళ్లు పడలేదు. రెండు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు.

"నెలకు వడ్డీ ఎంత కడతారు?"

"పదహారు వందలు. నేను పంపే ఆరు వేలల్ల నుంచే కడతడు మా నాయిన."

"అసలు?"

"అసలు గట్లనే ఉంది అక్కా."

లెక్క వేస్తే నోట మాట రాదు. ఆ 80 వేలకు ఇల్లు ఏడాదికి 19,200 వడ్డీ కడుతోంది. మంజుల ఖాతాలో ఉన్న 80 వేలకు బ్యాంకు అప్పట్లో మూడున్నర శాతం చొప్పున ఏడాదికి 2,800 ఇస్తోంది. ఒకే కుటుంబం ఒక చేత్తో పదహారు వేల పైచిలుకు పారబోస్తూ, ఇంకో చేత్తో బ్యాలెన్సు చూసుకుని నిద్రపోతోంది. మంజులకు ఈ అప్పు తెలియనిది కాదు. ఖాతాలో అంకె తగ్గుతుందన్న భయమే అప్పు కంటే పెద్దదిగా కనబడింది. కరువు నేర్పే అలవాట్లలో అన్నిటికంటే ఖరీదైనది ఇదేనని నా అనుభవం. చెప్పులు కొనకపోవడం, సబ్బు ముక్కలు అతికించి వాడటం వంటివి పైకి కనబడతాయి, వాటితో పోయేది కొంచెమే. కదలని డబ్బు మాత్రం చప్పుడు చేయకుండా కరుగుతుంది.

అందుకని మొదటి పెట్టుబడి షేర్లలో కాదు, ఆ ప్రామిసరీ నోటు మీద పెట్టారు. ఆగస్టులో మంజుల ఊరికి వెళ్లి 80 వేలు కట్టి, నోటు వెనక్కి తీసుకుని, నాయిన చేతే చింపించింది. ఇరవై నాలుగు శాతం వడ్డీ ఆగిపోవడమంటే ఇరవై నాలుగు శాతం రాబడి చేతిలో పడ్డట్టే, అదీ ఏ నష్టభయమూ లేకుండా. అంత ఖాయంగా ఇచ్చే పథకం ఇంకెక్కడా లేదు. ఉందని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. ఆ ఏడు నాయిన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోలేదు. పుణె పోలేదు.

పన్ను ఖర్చు కూడా తీసేస్తే రెండు లక్షలకు మూడు వేలు తక్కువ మిగిలింది. శారదక్క దాన్ని ఒకే కుప్పగా ఉండనివ్వలేదు. ముప్పై వేల చొప్పున నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయించింది. మొత్తం లక్షా ఇరవై వేలు. నెలకు ఇంటితో సహా మంజుల ఖర్చు పదిహేడున్నర వేలు కాబట్టి, ఉద్యోగం పోయినా దాదాపు ఏడు నెలలు గడుస్తుంది. ఒకే డిపాజిట్ కాకుండా నాలుగెందుకంటే, పాతిక వేలు అవసరమైతే ఒకటి విరిస్తే చాలు, గడువుకు ముందు తీసిన కోత దానికే పడుతుంది, మిగతా మూడు కదలవు. ఇంకో యాభై వేలు వేరే ఖాతాలో పెట్టి దానికి "ఊరి పైసలు" అని పేరు పెట్టుకుంది. పట్నంలో ఉద్యోగస్తుడి కొడుకు ఉద్యోగంలో చేరితే వాడికి వెనక ఇల్లు ఉంటుంది. కూలి ఇంటి కూతురు చేరితే ఆమే ఇంటికి వెనక దన్ను. ఆరోగ్యశ్రీ ఆపరేషను ఖర్చు చూసినా, ఆసుపత్రి చుట్టూ తిరిగే కార్ల కిరాయిలు, పోయిన కూలి రోజులు దాని కిందకు రావు. ఆ యాభై వేలు అందుకు. మూడు నెలల ఖర్చు దగ్గరుంటే చాలని పుస్తకాల్లో రాసే సూత్రం ఇలాంటి ఇళ్లకు సరిపోదు. మిగిలిన ఇరవై ఏడు వేలు రోజువారీ ఖాతాలోనే ఉండిపోయాయి.

మధ్యలో ఒక పొరపాటు కూడా జరిగింది, దాచను. డిపాజిట్ల కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు కౌంటరు వెనక ఒకాయన "ఇది కూడా ఎఫ్‌డీ లాంటిదేనమ్మా, ఇన్సూరెన్సు ఊరికే వస్తుంది" అని ఇంకో కాగితం మీద సంతకం పెట్టించాడు. ఇంటికొచ్చిన బాండు చూస్తే ఏడాదికి 25 వేల చొప్పున పదిహేనేళ్లు కట్టాల్సిన పాలసీ. ఇలాంటివి గుర్తుపట్టే ఉపాయం తేలికే. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఒక్కసారి కడితే చాలు, మళ్లీ వచ్చే ఏడు కట్టమని ఎవరూ అడగరు. "ప్రీమియం" అన్న మాట కనబడితే అది డిపాజిట్ కాదు. అదృష్టం బాగుండి మంజుల బాండు చేతికందిన వారంలోపే చూసుకుంది. నచ్చని పాలసీని వెనక్కి ఇచ్చేసే గడువు ఒకటుంటుంది, ఫ్రీ లుక్ అంటారు. అప్పట్లో అది సాధారణంగా 15 రోజులు, 2024 నుంచి 30 రోజులు. లిఖితపూర్వకంగా అడిగితే స్టాంపు ఖర్చులాంటివి పట్టుకుని మిగతాది తిరిగిచ్చారు. గడువు దాటి ఉంటే కట్టినదాంట్లో పెద్ద వాటా పోయేది.

ఇక నెల నెలా మిగిలే ఎనిమిదిన్నర వేల సంగతి. శారదక్క మొదట పెట్టిన షరతు మంజులకు వింతగా తోచింది. అందులో రెండు వేలు ఖర్చు పెట్టాలి. ఇంటికి కాదు, సరుకులకు కాదు, తన కోసమే. నెలాఖరుకు మిగలకూడదు.

"మిగిలితే వచ్చే నెలకు కలుపుకుంటనక్కా."

"కలపకూడదు. మిగిలిందంటే నువ్వు పనిచేయలేదని."

మొదటి నెల మిగిలింది. రెండో నెల కూడా. మూడో నెల కోఠిలో చెప్పుల దుకాణం ముందు అరగంట నిలబడింది. ఆమె ఏడాదికి మూడు నాలుగు జతలు కొనేది, ఒక్కోటి రెండు వందలు. వానకు అట్టలు ఊడేవి, మడమలు పగిలేవి, సాయంత్రానికి నడుము లాగేది. ఆ రోజు పద్నాలుగు వందలు పెట్టి ఒక జత కొంది. బస్సులో వస్తున్నంతసేపూ దొంగతనం చేసినట్టు ఉందట. దసరాకు ఊరికి వెళ్తే తల్లి చూసింది.

"ఎంత పడ్డయే?"

"మూడు నూర్లు."

ఆ అబద్ధం నాకు అర్థమవుతుంది. మీలో చాలామందికి కూడా అవుతుంది. తల్లి రోజు కూలి ఎంతో తెలిసిన బిడ్డ తన చెప్పుల ధర నిజం చెప్పలేదు. ఈ సిగ్గు వల్లే కొందరు అసలు ఖర్చు పెట్టరు. ఇంకొందరు రెండేళ్లు బిగబట్టి, ఒకరోజు తెగించి, వాయిదాల మీద లక్ష రూపాయల ఫోను కొంటారు. అణచిపెట్టిన కోరిక అప్పు రూపంలో బయటికొస్తుంది. నెలకు రెండు వేలు తప్పనిసరి ఖర్చు అని పెట్టడంలో శారదక్క ఉద్దేశం విలాసం నేర్పడం కాదు. డబ్బు చేతి నుంచి పోయినా తెల్లారి తాను బతికే ఉంటానని మంజులకు చిన్న చిన్న మోతాదుల్లో తెలిసిరావాలి. అది తెలియనివాళ్లు మార్కెట్లో డబ్బు పెట్టలేరు. పెట్టినా ఉంచలేరు.

ఆ ఆగస్టు నుంచే నెలకు మూడు వేలు సిప్ మొదలైంది. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండు, డైరెక్ట్ ప్లాను. ఇందులో తెలివితేటలకు పెద్దగా చోటు లేదు, దాని గొప్పతనం కూడా అదే. సూచీలో ఉన్న 50 పెద్ద కంపెనీల షేర్లను సూచీలో వాటికున్న పాళ్లలోనే కొంటుంది, ఎవరు గెలుస్తారో ఊహించదు. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. అదే ఫండు రెగ్యులర్ ప్లానులో కొంటే మధ్యవర్తి కమీషను ఏటా మన డబ్బులోంచే పోతుంది. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతాతో కేవైసీ అయ్యాక, నెల నెలా డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు మాండేటు ఇవ్వాలి. తేదీ దగ్గర జాగ్రత్త. జీతం ఒకటో తేదీన పడుతుంది గనుక ఆమె ఐదు పెట్టుకుంది. ఇరవై ఐదు పెట్టుకున్న ఆమె స్నేహితురాలికి ఖాతాలో డబ్బు లేక రెండుసార్లు తిరిగిపోయింది, బ్యాంకు రెండుసార్లూ జరిమానా వేసింది. మూడుసార్లు వరసగా తప్పితే సిప్ రద్దవుతుంది.

ఆ మూడు వేలు ఏమవుతాయో చెప్పమని అడిగితే నిజాయితీగా ఇంతే చెప్పగలం. పదిహేనేళ్లలో ఆమె కట్టేది ఐదు లక్షల నలభై వేలు. సగటున ఏడు శాతం వస్తే తొమ్మిదిన్నర లక్షల దాకా, పది శాతం వస్తే పన్నెండున్నర లక్షల దగ్గర. రెంటిలో ఏది వస్తుందో, రెండూ రాకుండా పోతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. మిగిలిన మూడున్నర వేలల్లో ఐదారు వందలు టర్మ్ పాలసీకి పోయేవి, ఎందుకంటే ఆమె జీతం మీద ముగ్గురు బతుకుతున్నారు. మిగతాది ఊరి పైసల ఖాతాను నింపేది.

ఇప్పుడు 2020 మార్చికి వద్దాం. జనతా కర్ఫ్యూకు ముందురోజు మంజుల ఊరికి చేరుకుంది. ఇంట్లో సిగ్నలు ఉండదు, వేప చెట్టు కిందే వస్తుంది. మార్చి 23, సోమవారం. నిఫ్టీ జనవరి మధ్యలో 12,362 దగ్గర ముగిసింది, ఆ రోజు 7,610 దగ్గర. ఎనిమిది వాయిదాలుగా ఆమె కట్టిన 24 వేలు పదహారు వేల కిందికి వచ్చాయి. ఆమెకు చెమటలు పట్టాయి. ఎనిమిది వేలు! తల్లి నెల రోజులకు పైగా ఎండలో వంగితే వచ్చే డబ్బు. అమ్మేయడానికి ఫోనులో రెండు నొక్కులు చాలు.

తల్లి మేకలకు రొట్ట వేస్తూ చూసింది. "ఏమైందే, గట్ల కూసున్నవ్?"

ఎలా చెప్పాలో తెలియక, మేకలు కొన్నట్టు అనుకోమంది మంజుల. నెలకొకటి కొన్నాను, ఇప్పుడు ధర పడిపోయింది, ఉన్నవి అమ్మేసి మిగిలిందన్నా తెచ్చుకోవాలని ఉంది.

"పెంటివా, పోతులా?"

మంజులకు మొదట అర్థం కాలేదు. తల్లి మేకల లెక్క ఎప్పుడూ ఒకటే. ఏడాదిన్నరకు రెండు ఈతలు. పోతు పిల్లలను దసరాకో బక్రీదుకో అమ్ముతుంది. పెంటి పిల్లలను ఉంచుతుంది, అవే మందను పెంచేవి. మంజుల తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పారుడు రోగం వచ్చి పదకొండింటిలో ఆరు పోయాయి. దళారి వచ్చి మిగిలిన ఐదింటినీ సగం ధరకు అడిగాడు. ఇంట్లో గింజలు అడుగంటిన నెల అది. తల్లి ఇవ్వలేదు. కూలికి రెండు పూటలా పోయింది.

"పెంటివే అమ్మా," అంది మంజుల.

"మల్ల పెంటి మేకను ఎవరమ్ముతరే? తినేటందుకు లేకుంటెనే అమ్ముతరు. నీకు తినేటందుకు లేదా?"

ఉంది. ఏడు నెలల తిండి నాలుగు డిపాజిట్లలో ఉంది. నేను ఈ కథను ఎంచుకున్నది ఈ మాట కోసమే. మంజుల ఇన్నాళ్లూ తల్లి దగ్గర బిగపట్టడం ఒక్కటే నేర్చుకున్నాననుకుంది. అదే ఇంటి వెనక, అదే తల్లి, ఆకలిలో కూడా మందను నిలిపే విద్య నడిపింది. దాన్ని ఎవరూ పెట్టుబడి అని పిలవలేదు, అంతే.

పోలికను మరీ సాగదీయను. మార్కెట్టు మేకల మంద కాదు. ఆ ఏడు నవంబరు కల్లా నిఫ్టీ జనవరి ఎత్తును దాటేసింది, అమ్మని మంజుల గట్టెక్కింది. కానీ అంత త్వరగా కోలుకోవడం ఆనవాయితీ కాదు. 2008 జనవరి ఎత్తును సూచీ 2010 దీపావళికి ఒకసారి అంటుకుని జారిపోయింది, గట్టిగా దాటింది 2013 చివర్లో. అంటే దాదాపు ఆరేళ్లు. అందుకే చెల్లి పెళ్లికో, రెండేళ్లలో ఇంటి పైకప్పుకో కావలసిన డబ్బు సిప్‌లో పెట్టకూడదు. మంజుల ఆ రోజు నిలబడింది ధైర్యంతోనో చదువుతోనో కాదు. అప్పు లేదు, డిపాజిట్లు కదల్లేదు, ఏప్రిల్ వాయిదా కట్టడానికి జీతం పడింది. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా తల్లి మాట ఎంత గొప్పదైనా ఆమె అమ్మేసి ఉండేది. అమ్మడం తప్పు కూడా అయ్యేది కాదు.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పొచ్చు. జీతం పెరిగిన ప్రతిసారీ పెరుగుదలలో సగం సిప్‌కు కలిపింది, పావు వంతు తన ఖర్చుకు. రాత్రి బ్యాలెన్సు చూసే అలవాటు పోవడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ హోటల్లో మెనూ కార్డు కుడివైపు నుంచే చదువుతుంది, ధర చూశాకే పదార్థం పేరు. అది పోదని ఆమే అంటుంది. పోనక్కర్లేదు కూడా.

2021 దసరాకు ఊరికి వెళ్లినప్పుడు అవే చెప్పులు, రెండేళ్లు నడిచినవి. తల్లి ఒకటి చేతిలోకి తీసుకుని అట్ట వంచి చూసింది, కుట్టు లాగి చూసింది.

"మూడు నూర్ల చెప్పు గిన్ని దినాలు రాదు. నిజం చెప్పు, ఎంతకు కొన్నవ్?"

"పద్నాలుగు నూర్లు అమ్మా."

తల్లి ఏమీ అనలేదు. చెప్పును కింద పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. తెల్లారి మంజుల లేచి చూస్తే చెప్పులు గడప బయట లేవు. లోపల, బియ్యం డబ్బా పక్కన పెట్టి ఉన్నాయి. కుక్క ఎత్తుకపోతదని.